పని పోయింది సరే, ఎందుకు పోయింది?

2008 దీపావళికి సూరత్‌లోని వజ్రాల కార్ఖానాలు ఏటా ఇచ్చినట్టే సెలవులిచ్చాయి. సౌరాష్ట్ర పల్లెలకు వెళ్లిన కార్మికులు పండగ చేసుకుని తిరిగొచ్చేసరికి చాలా కార్ఖానాల తలుపులు తెరుచుకోలేదు. రాయి సానపట్టే చేతుల్లో పనితనం తగ్గలేదు. వాళ్ల పనిని లాక్కున్న కొత్త యంత్రమూ లేదు. ఆ సెప్టెంబర్‌లో న్యూయార్క్‌లో లేమన్ బ్రదర్స్ బ్యాంకు కుప్పకూలింది, అమెరికాలో నగలు కొనేవాళ్లు వెనక్కి తగ్గారు. సూరత్ వజ్రానికి అదే పెద్ద బజారు మరి.

మార్కెట్ మొత్తం చతికిలపడినప్పుడు ఇలా ఊడే పనిని చక్రీయ నిరుద్యోగం అంటారు. అమెరికాలోనే 2007 చివర్లో 5 శాతం దగ్గరున్న నిరుద్యోగ రేటు 2009 అక్టోబర్‌కి 10 శాతానికి చేరింది. అన్ని రంగాల్లోనూ ఒకేసారి ఖాళీలు మాయమవడం దీని గుర్తు. గిరాకీ తిరిగొస్తే పనీ తిరిగొస్తుంది. సూరత్‌లో ఆర్డర్లు మళ్లీ మొదలయ్యాక అవే సానచక్రాల ముందు మనుషులు కూర్చున్నారు. అందుకే మాంద్యంలో కేంద్ర బ్యాంకులు వడ్డీలు తగ్గిస్తాయి, ప్రభుత్వాలు రోడ్లకూ భవనాలకూ ఖర్చు పెంచుతాయి. జనం చేతిలో డబ్బు ఆడితే ఈ జబ్బు కుదురుతుంది.

సిరిసిల్ల చేనేత కార్మికుడికి ఆ మందు పనిచేయదు.

ఆ ఊళ్లో ఒకప్పుడు చేమగ్గాలదే రాజ్యం. గుంటమగ్గం మీద కూర్చున్న మనిషి కాళ్లతో తొక్కుడుచెక్కలు తొక్కుతూ, చేత్తో నాడె విసురుతూ చీర నేస్తే, ఇంట్లో భార్య రాట్నం మీద కండెలు చుట్టేది, పెద్దవాళ్లు పడుగు సరిచేసేవాళ్లు. అంటే ఒక మగ్గం మీద ఇంటిల్లిపాదీ బతికేది. తర్వాత మరమగ్గాలు వచ్చాయి. ఊరివాళ్లు వాటిని సాంచాలంటారు. ఒక్క మనిషి ఒకేసారి నాలుగైదు సాంచాలు చూసుకోగలడు. దాని మీద దిగే గుడ్డ చేనేత గుడ్డ కంటే చౌక. జనం గుడ్డలు కొనడం మానలేదు, నిజానికి ఇంకా ఎక్కువే కొన్నారు. నేసే పద్ధతి మారింది, అంతే. ఇదే నిర్మాణాత్మక నిరుద్యోగం. పని ఉంటుంది, కానీ అది వేరే నైపుణ్యం అడుగుతుంది, లేదా వేరే ఊళ్లో ఉంటుంది.

కొందరు నేతన్నలు సాంచాల కార్మికులయ్యారు. కొందరు భీవండికీ సూరత్‌కీ వలసపోయారు. ఎందరో ఆడవాళ్లు బీడీలు చుట్టే పనిలో పడ్డారు. యాభై ఏళ్లు దాటినవాళ్లకు మాత్రం ఇవేవీ సులువైన దారులు కావు. 1985లో పార్లమెంటు కొన్ని రకాల చీరలు, పంచెలు, తువ్వాళ్ల నేతను చేమగ్గాలకే కేటాయిస్తూ చట్టం చేసింది. అమలు అంతంతమాత్రం. దేశంలో చేనేత మీద ఆధారపడ్డవాళ్లు 2009-10 గణనలో 43 లక్షలు, 2019-20 గణనలో 35 లక్షలు.

చేమగ్గాన్ని పక్కకు నెట్టిన సాంచాకూ ఇప్పుడు గండమే. అంతకంటే వేగంగా, చౌకగా నేసే మగ్గాలు మరోచోట నడుస్తున్నాయి. తెలంగాణ ప్రభుత్వం 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డర్లివ్వడంతో సిరిసిల్లకు ఊపిరి ఆడింది. 2024లో అవి ఆగేసరికి సాంచాలూ ఆగాయి. తర్వాత మహిళా సంఘాల చీరల ఆర్డర్లు వచ్చాయి. ఆర్డరు కడుపు నింపుతుంది, దాన్ని తప్పుపట్టడానికి లేదు. కానీ మగ్గం మారకుండా, కొత్త పని నేర్పకుండా ఆర్డర్లు మాత్రమే ఇస్తూ పోతే, ఆర్డరు లేని ఏడాది మళ్లీ కథ మొదటికే వస్తుంది.

మూడోది ఘర్షణ నిరుద్యోగం. పేరు భయపెడుతుంది కానీ మూడింటిలో ఇదే మెత్తనిది. హైదరాబాద్‌లో ఒక ఇంజినీరు జీతం చాలక ఉద్యోగం మానేసి, అమీర్‌పేట హాస్టల్లో ఉంటూ ఇంటర్వ్యూలకు తిరుగుతున్నాడనుకుందాం. అతనికి తగ్గ ఖాళీ మాదాపూర్‌లోనే ఎక్కడో ఉంది. అది అతని కంటపడి, రెండు మూడు రౌండ్ల ఇంటర్వ్యూలు దాటి, ఆఫర్ లెటర్ చేతికొచ్చేసరికి కొన్ని వారాలు పడుతుంది. ఆ మధ్యకాలమే ఇది. మంచిరోజుల్లోనూ ఉంటుంది. పూర్తిగా పోవాలంటే ఉద్యోగం మారే హక్కే తీసేయాలి. ఏళ్ల తరబడి గ్రూప్స్ నోటిఫికేషన్ కోసం గదుల్లో చదువుకునేవాళ్లను మాత్రం ఈ గాటన కట్టడం కష్టం. వాళ్ల సంఖ్యకు తగ్గ ఖాళీలే లేవు.

మన దేశంలో నిరుద్యోగాన్ని లెక్కగట్టే కార్మిక సర్వే ఈ మూడు రకాలనూ విడదీసి చూపదు. అన్నీ కలిపి ఒకే శాతం చెబుతుంది. వారంవారీ లెక్కలో అయితే, గడిచిన ఏడు రోజుల్లో ఏదో ఒక రోజు గంటసేపు పనిచేసినా ఆ మనిషి ఉద్యోగి కిందే జమ. మగ్గం ఆగిపోయి అడ్డా కూలీకి వెళ్తున్న నేతకార్మికుడు ఆ వారం ఒక్క పూట పని దొరికించుకుంటే చాలు, నిరుద్యోగుల జాబితాలో కనిపించడు.