వాలులో దొరికే బ్యాటరీ వయసు

1998లో సైబర్ టవర్స్ తెరుచుకున్నాక హైటెక్ సిటీలో అద్దాల మేడలు వరుసగా లేచాయి. వాటిలో చాలావాటికి జనం పెద్దగా చూడని యూపీఎస్ గది ఒకటుంటుంది. కరెంటు పోయాక జనరేటర్ అందుకునేదాకా సర్వర్లను మోసేది ఆ గదే. ఇలాంటి గదుల్లో లిథియం ఈమధ్య చేరుతోంది గానీ, ఎన్నో ఏళ్లు బరువు మోసింది సీసం–ఆమ్లం బ్యాటరీ. దాన్ని గాస్టన్ ప్లాంటే 1859లో ఫ్రాన్స్‌లో తయారుచేశాడు.

ఈ బ్యాటరీతో ఒక చిక్కుంది. లోడు లేకుండా మీటరు పెడితే కొత్తదీ ముసలిదీ దాదాపు ఒకే వోల్టేజి చూపిస్తాయి. ఆ అంకె, అంటే విద్యుచ్ఛాలక బలం, ఆమ్లం గాఢతను బట్టి ఉంటుంది. వయసుతో పెరిగేది అంతర్నిరోధం. సీసపు జాలీ తుప్పు పట్టినా, లోపలి తడి ఆరినా, ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడినా అది పెరుగుతుంది.

ఈ లోపలి నిరోధం ఓమ్‌నే తిప్పలు పెట్టింది. 1825లో వోల్టా ఘటాలతో ప్రయోగాలు చేస్తే ఘటమే నిలకడగా ఉండక లెక్క తప్పింది. మరుసటి ఏడు ఉష్ణయుగ్మం వాడాకే సూత్రం కుదిరింది. అందులో బయటి తీగ నిరోధానికి తోడు, మిగతా వలయానిదంటూ మరో పదం ఉంది. అంతర్నిరోధానికి తొలి రూపం అదే.

మనకు కావలసింది V = E − Ir. దీన్ని గ్రాఫుగా గీస్తే కిందికి వాలే సరళరేఖ వస్తుంది. అది వోల్టేజి అక్షాన్ని తాకేచోట E, వాలులో r దొరుకుతాయి. 12 వోల్టుల, 42 ఆంపియర్–అవర్ బ్యాటరీలు రెండు ఉన్నాయనుకుందాం. కొత్తది 10, 20, 40 ఆంపియర్ల దగ్గర 12.72, 12.64, 12.48 వోల్టులు ఇచ్చింది. రేఖను వెనక్కి పొడిగిస్తే E 12.80 వోల్టులు, వాలు 8 మిల్లీఓమ్‌లు. ముసలిది 12.40, 12.10, 11.50 ఇచ్చింది. E 12.70 వోల్టులే గానీ వాలు 30 మిల్లీఓమ్‌లు! లోడు 80 ఆంపియర్లకు చేరితే కొత్తది 12.16 వోల్టుల దగ్గర నిలబడుతుంది, ముసలిది 10.30కి జారుతుంది. యూపీఎస్ కటాఫ్ 10.5 వోల్టులకు పెట్టి ఉంటే ఆ క్షణమే ఆరిపోతుంది.

కొలతలోనే మోసపోయే అవకాశం ఎక్కువ. క్లిప్పు వదులైతే అక్కడే కొన్ని మిల్లీఓమ్‌లు చేరి మంచి బ్యాటరీ కూడా చెడ్డదిలా కనిపిస్తుంది. అందుకే కరెంటు తీగల క్లిప్పులు వేరుగా ఉంచి, వోల్ట్‌మీటరు మొనలను నేరుగా టెర్మినల్‌కే ఆనించాలి. ఛార్జి ఆపిన వెంటనే కొలిస్తే పైపై వోల్టేజి కలిసి E ఎక్కువగా చూపిస్తుంది. కొన్ని గంటలు ఆగాలి. లోడు పెట్టాక ప్రతిసారీ ఒకే వ్యవధి తర్వాత రీడింగు తీసుకోవాలి, లేదంటే బిందువులు రేఖ మీద కూర్చోవు. వేడికి r తగ్గుతుంది కాబట్టి మే నెల కొలతను జనవరి కొలతతో నేరుగా పోల్చకూడదు.

యూపీఎస్ గదిలో వోల్టేజి రాసుకునే రిజిస్టరు ఉంటే, అందులో వాలుకూ ఒక గడి కేటాయించండి.