టాస్‌కు ముందు ఇరవై నిమిషాలు

ఆదివారం పొద్దున ఆరున్నర. హైదరాబాద్ శివార్లలో ఏ క్రికెట్ గ్రౌండ్‌కు వెళ్లినా ఒకే దృశ్యం. బౌండరీ పక్కన పదకొండు మంది గుండ్రంగా నిలబడి ఉంటారు. ఒకడు పక్కవాడి భుజం పట్టుకుని, మడమను పిరుదుకు ఆనించి ఒంటికాలి మీద ఊగుతుంటాడు. ఇంకొకడు మోకాలు వంచకుండా బొటనవేళ్లు అందుకోవాలని తంటాలు పడుతుంటాడు. కెప్టెన్ ఇరవై దాకా లెక్కపెడతాడు. కాలు మారుస్తారు, మళ్లీ ఇరవై. టాస్ పడుతుంది. మూడో ఓవర్లో ఫాస్ట్ బౌలర్ తొడ వెనక చెయ్యి పెట్టుకుని క్రీజు దగ్గరే కూలబడతాడు. ‘వార్మప్ అయితే చేశాడే’ అని అందరూ ఆశ్చర్యపోతారు.

అతని ఒళ్లు మాత్రం వేడెక్కలేదు. కండరాన్ని ఒక భంగిమలో సాగదీసి కదలకుండా పట్టుకోవడాన్ని స్టాటిక్ స్ట్రెచింగ్ అంటారు. నడుస్తూ, పరుగెత్తుతూ, కాళ్లూ చేతులూ ఊపుతూ కీళ్లను వాటి పూర్తి పరిధిలో తిప్పేది డైనమిక్ వార్మప్. చూసేవాళ్లకు రెండూ ఆట ముందు చేసే కసరత్తులే. లోపల జరిగే పని వేరు.

నిద్ర లేచి గంట కూడా కాని మనిషి కాలి కండరం, ఆటలో మునిగి ఉన్నవాడి కండరం కంటే రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉంటుంది. వేడి పెరిగేకొద్దీ నరాల సంకేతాలు వేగంగా పరుగెడతాయి, కండరానికి శక్తినిచ్చే రసాయన చర్యలు చురుకవుతాయి, కండరం లోపలి బిగువు సడలుతుంది. కండరం ఒక్క డిగ్రీ వేడెక్కితే దూకడం, పరుగు వంటి పనుల్లో సుమారు 2 నుంచి 5 శాతం మెరుగుదల కనిపిస్తుందని ప్రయోగాల్లో తేలింది. ఆ వేడి పుట్టాలంటే కండరం పనిచేయాలి. కాలు పట్టుకుని నిలబడితే పుట్టదు.

సాగదీసి పట్టుకున్నప్పుడు రెండు సంగతులు జరుగుతాయి. ఎక్కువసేపు పట్టుకుంటే, మెదడూ వెన్నుపామూ ఆ కండరానికి పంపే ఆజ్ఞల జోరు కొంతసేపు తగ్గుతుంది. కండరమూ, దాన్ని ఎముకకు కట్టే స్నాయువూ కలిసి కాస్త వదులవుతాయి. నవారు బిగువుగా ఉన్న మంచం మీద దూకిన పిల్లాడు పైకి ఎగురుతాడు, వదులైతే కుంగిపోతాడు. బౌలర్ ముందు కాలు నేలను తన్నే క్షణంలో స్నాయువు చేసేది ఆ బిగువు నవారు పనే.

అయితే ఈ నష్టం ఎంతసేపు పట్టుకున్నామన్న దాన్నిబట్టి ఉంటుంది. 2016లో డేవిడ్ బెమ్, మరికొందరు పరిశోధకులు కలిసి అప్పటిదాకా వచ్చిన ప్రయోగాలను ఒకచోట చేర్చి చూశారు. ఒక్కో కండరాన్ని మొత్తం 60 సెకన్లు, అంతకంటే ఎక్కువ సాగదీస్తే పనితనం సగటున 4.6 శాతం పడిపోయింది. అంతకంటే తక్కువైతే తగ్గుదల 1 శాతం దగ్గరే ఆగింది. డైనమిక్ కసరత్తుల తర్వాత 1.3 శాతం పెరిగింది. ఆ ప్రయోగాల్లో చాలావాటిలో స్ట్రెచింగ్ అయిన కొద్ది నిమిషాలకే పరీక్ష పెట్టారు. మధ్యలో పరుగులు, గంతులు ఉంటే ఆ కాస్త నష్టమూ చాలావరకు మాయమవుతుంది.

అంటే కెప్టెన్ ఇరవై లెక్క ఆ బౌలర్‌ను పెద్దగా చెడగొట్టలేదు. ‘ఆట ముందు స్ట్రెచింగ్ మహాపాపం’ అని ఇప్పుడు జిమ్‌లలో వినిపించే మాట కూడా అతే. ఆ ఇరవై లెక్కతోనే ఒళ్లు సిద్ధమైపోయిందని నమ్మడం దగ్గరే చిక్కంతా ఉంది.

గాయాల సంగతి చూస్తే ఈ నమ్మకం ఇంకా బలహీనపడుతుంది. ఆస్ట్రేలియా సైన్యంలో కొత్తగా చేరిన 1,538 మందిపై 12 వారాలు జరిపిన అధ్యయనం 2000లో వెలువడింది. అందరూ వార్మప్ చేశారు. ఒక జట్టు మాత్రం దానికితోడు కాళ్లలోని ఆరు కండరాల సముదాయాలను ఇరవయ్యేసి సెకన్లు సాగదీసింది. చివరికి రెండు జట్లలోనూ కాలి గాయాల సంఖ్య చెప్పుకోదగ్గ తేడా లేకుండా వచ్చింది. మరోవైపు 2008లో వెలువడిన అధ్యయనంలో నార్వేలోని 13 నుంచి 17 ఏళ్ల ఫుట్‌బాల్ అమ్మాయిలతో ‘11+’ అనే ఇరవై నిమిషాల వార్మప్ చేయించి చూస్తే, మొత్తం గాయాలు మూడోవంతు దాకా తగ్గాయి. అందులో నెమ్మది పరుగు, తొడ వెనక కండరానికి బలమిచ్చే కసరత్తు, ఒంటికాలి మీద నిలదొక్కుకోవడం, దూకి సరిగ్గా దిగడం, చివర్లో వేగంగా పరుగెత్తి దిశ మార్చడం ఉంటాయి. ఒక్కరోజు చేసి వదిలేస్తే ఆ ఫలితం రాదు. సీజనంతా చేసిన జట్ల లెక్క అది.

మళ్లీ మన బౌలర్ దగ్గరికి వద్దాం. అతను మొదటి ఐదు నిమిషాలు పక్కవాడితో మాట్లాడగలిగేంత నిదానంగా బౌండరీ చుట్టూ పరుగెత్తాలి. మధ్యమధ్య పక్క అడుగులు, వెనక్కి పరుగు కలుపుకోవాలి. నుదుట చెమట మొలకెత్తితే వేడి పుట్టినట్టే. తర్వాత ఐదారు నిమిషాలు కదలికలు: పెద్ద అడుగు వేసి మోకాలు వంచుతూ పది అడుగులు, పది బస్కీలు, ఒక్కో కాలును ముందుకూ వెనక్కూ పదిసార్లు, పక్కలకు పదిసార్లు ఊపడం, భుజాలు గుండ్రంగా తిప్పడం, నడుము అటూ ఇటూ మళ్లించడం. మొదటి ఊపు నడుము ఎత్తుకు చేరితే చాలు, పదోది ఛాతీ దాకా రావచ్చు. మొదటి ఊపులోనే బలంగా విసిరితే చల్లటి కండరం మీద కుదుపు పడుతుంది. చాలామంది తప్పు చేసేది ఇక్కడే.

ఆ తర్వాత ముప్పై మీటర్ల పరుగులు నాలుగు. మొదటిది సగం వేగంతో, చివరిది దాదాపు పూర్తి వేగంతో. ఆఖరున చిన్న రనప్‌తో నాలుగు బంతులు, పూర్తి రనప్‌తో రెండో మూడో. చాలా టీములు ఈ దశనే వదిలేస్తాయి. మ్యాచ్‌లో మొదటి బంతికే పూర్తి వేగం కావాలి, శరీరం ఆ రోజు అంత వేగాన్ని అప్పటిదాకా చూసి ఉండదు. అలాగని అతి కూడా పనికిరాదు. పరుగు ఆపిన రెండు నిమిషాలకూ రొప్పు తగ్గకపోతే, ఆటకు దాచుకోవాల్సిన సత్తువను వార్మప్‌లోనే ఖర్చుపెట్టినట్టు.

ఇంత చేసినా ఆ వేడి నిలవదు. డెన్మార్క్‌లో ఫుట్‌బాల్ ఆటగాళ్ల మీద చేసిన పరిశోధనలో, హాఫ్‌టైమ్‌లో ఊరికే కూర్చున్నవారి తొడ కండరం దాదాపు 2 డిగ్రీలు చల్లబడింది, రెండో సగం మొదట్లో వారి పరుగు మందగించింది. ఆ విరామంలో కాసేపు తేలికగా కదిలినవారికి ఆ నష్టం రాలేదు. క్రికెట్‌లో ఈ విరామం ఇంకా పెద్దది. పన్నెండో ఓవర్లో బంతి అందుకునే బౌలర్ అప్పటిదాకా ఫైన్ లెగ్‌లో నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంటాడు. తన వంతుకు రెండు ఓవర్ల ముందు నుంచీ అక్కడే నాలుగు చిన్న పరుగులు, పది కాలి ఊపులు, భుజం తిప్పడం చేయాలి. రెండో స్పెల్‌కూ అంతే.

పట్టుకుని సాగదీయడానికీ చోటుంది. రోజూ చేస్తే కొన్ని వారాలకు కాలు ఎక్కువ వంగుతుంది. అలా వంగడానికి ముఖ్య కారణం కండరం పొడవు పెరగడం కన్నా, సాగుడును భరించే ఓర్పు పెరగడమేనని పరిశోధకులు అంటారు. ఓవరంతా గొంతుకూర్చుని ఉండే వికెట్ కీపర్‌కు, తుంటి బిగుసుకుపోయిన బౌలర్‌కు అది పనికొచ్చేదే. ఆట ముగిశాకో, రాత్రి టీవీ ముందు చాప మీదో ఒక్కో కండరాన్ని అరనిమిషం చొప్పున రెండుసార్లు పట్టుకోవచ్చు. మర్నాటి ఒళ్లునొప్పులు మాత్రం దానితో పెద్దగా తగ్గవు. సోమవారం ఆఫీసు మెట్లు ఎక్కేటప్పుడు పిక్కలు పట్టేస్తూనే ఉంటాయి.