ఆర్.ఓ. వృథా నీళ్ళు మొక్కలకి పోయొచ్చా? పిల్లల చేత పెసలతో తేల్చే ప్రయోగం

ఆనందపురం వైపు మా నర్సరీకి వచ్చే విశాఖ మిద్దె తోటల వాళ్ళు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే: "ఇంట్లో ఆర్.ఓ. మెషీన్ నుంచి బయటికి పోయే నీళ్ళు మొక్కలకి పోయొచ్చా?" ఒకరు ఏమీ కాదంటారు, ఇంకొకరు చచ్చిపోతాయంటారు. ఈ మధ్య ఒక హైస్కూల్ సైన్స్ టీచర్ గారు "ఎనిమిదో తరగతి పిల్లలకి ఇంట్లో దొరికే సామాన్లతో మొక్కల ప్రయోగం ఏదైనా చెప్పండి" అని అడిగితే, ఈ ప్రశ్ననే ప్రయోగంగా మార్చి ఇచ్చాను. చేసే పద్ధతి వీడియోలో ఉంది. లెక్కలు, పట్టిక, ఎందుకు అలా చేయాలి అన్నది ఇక్కడ రాస్తున్నాను.

ముందు అసలు విషయం

ఆర్.ఓ. మెషీన్ ఉప్పుని మాయం చేయదు. మంచి నీళ్ళు ఒకవైపు, ఉప్పంతా మిగిలిన నీళ్ళలోకి ఒకవైపు తోస్తుంది. నాలుగు గ్లాసులు లోపలికి వెళ్ళి ఒక గ్లాసు మంచి నీళ్ళు, మూడు గ్లాసుల వృథా నీళ్ళు వస్తే, నాలుగు గ్లాసుల్లో ఉన్న ఉప్పు దాదాపు అంతా మూడు గ్లాసుల్లో ఉంటుంది. అంటే మూడో వంతు పెరిగింది, అంతే. సగానికి సగం వస్తే రెట్టింపు అవుతుంది.

కాబట్టి లోపలికి వచ్చే నీళ్ళు ఏవి అన్నదే ముఖ్యం. రైవాడ, తాటిపూడి, మేఘాద్రిగెడ్డ లాంటి రిజర్వాయర్ల నుంచి వచ్చే కుళాయి నీళ్ళు వేరు, సముద్రానికి దగ్గరలో ఎక్కువగా తోడేసిన బోరు నీళ్ళు వేరు. భూగర్భంలో మంచి నీళ్ళు తగ్గితే ఉప్పు నీళ్ళు లోపలికి జరుగుతాయి. అందుకే ఒకే తరగతిలో ఇద్దరు పిల్లలు రెండు ఇళ్ళ నీళ్ళు తెస్తే రెండు రకాల ఫలితాలు రావచ్చు. ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు.

పరికల్పన

"ఉప్పు మొక్కకి మంచిది కాదు" అనేది పరికల్పన కాదండి, అభిప్రాయం. కొలిచి అవునో కాదో చెప్పగలిగేలా ఉండాలి. మనం ఇలా రాయిద్దాం:

*నీళ్ళలో ఉప్పు పెరిగే కొద్దీ నాలుగో రోజుకి పెసల వేరు పొడవు తగ్గుతుంది. మొలకెత్తిన గింజల సంఖ్య మాత్రం అంత త్వరగా తగ్గదు.*

రెండో వాక్యం ఎందుకంటే, గింజకి పగలడానికి కావలసిన నీళ్ళు కొంచెం ఉప్పు ఉన్నా అందుతాయి. తర్వాత వేరు సాగాలంటే రోజూ నీళ్ళు లాగాలి. ఉప్పు నీళ్ళని పట్టి ఉంచుతుంది, పైగా సోడియం, క్లోరైడ్ లోపలికి వెళ్ళి లేత వేరుని ఇబ్బంది పెడతాయి. అందుకే మొలకలు లెక్కపెట్టి "ఏమీ కాలేదు" అనుకుంటే మోసపోతాం. వేరు కొలవాలి.

మార్చేది ఒక్కటే: నీళ్ళు. కొలిచేవి రెండు: మొలకల సంఖ్య, వేరు పొడవు. గింజల రకం, గుడ్డ మందం, నీళ్ళ కొలత, పెట్టే చోటు మారకూడదు.

కావలసినవి

ఒకే ప్యాకెట్‌లోని పెసలు గుప్పెడు, ఒకే సైజు మూతలు లేదా చిన్న ప్లేట్లు 15, వేడినీళ్ళలో మరిగించి ఆరబెట్టిన పాత తెల్ల నూలు గుడ్డ, లీటరు సీసాలు 5, మెత్తటి ఉప్పు, సిరప్ సీసాతో వచ్చే కొలత మూత, పాలిథిన్ కవర్లు, దారం, స్కేలు, మార్కర్.

నీళ్ళు తయారీ

త్రాసు అక్కర్లేదు. సిరప్ మూతలో 5 మి.లీ. గీత వరకు మెత్తటి ఉప్పు సమంగా నింపితే సుమారు 6 గ్రాములు ఉంటుంది. దాన్ని ఒక లీటరు ఆర్.ఓ. మంచి నీళ్ళలో కలిపితే "డి" నీళ్ళు, లీటరుకి 6 గ్రాములు. అందులోంచి అర లీటరు తీసి అర లీటరు మంచి నీళ్ళు కలిపితే "సి", 3 గ్రాములు. "సి"ని కూడా అలాగే సగం చేస్తే "బి", 1.5 గ్రాములు. "ఎ" అంటే ఉప్పు కలపని మంచి నీళ్ళు. పోల్చడానికి ఇదే మన కంట్రోల్. "ఇ" అంటే అదే మెషీన్ నుంచి పట్టిన వృథా నీళ్ళు. పిల్లలకి అందాజా కోసం చెప్పండి, సముద్రపు నీళ్ళలో లీటరుకి సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. మన "డి" అందులో ఆరో వంతు కంటే కొంచెం ఎక్కువే.

చేసే విధానం

1. పుచ్చులు, పగుళ్ళు ఉన్న గింజలు తీసేసి మిగతావి ఒక గిన్నెలో కలపండి. కళ్ళు మూసుకుని తీసినట్టు పది పది లెక్కపెట్టండి. లావు గింజలు ఒకే ప్లేట్‌లోకి పోకూడదు.
2. ఒక్కో నీళ్ళకి మూడు ప్లేట్లు. ప్లేట్ కింద అక్షరం రాయండి, పైన కాదు. కొలిచే పిల్లలకి అది ఏ నీళ్ళో తెలియకపోతేనే కొలత నిజాయితీగా ఉంటుంది.
3. రెండు పొరల గుడ్డ పరిచి ఆ నీళ్ళు 10 మి.లీ. పోసి, పొడి గింజలు పది పెట్టండి. ముందుగా మంచి నీళ్ళలో నానబెట్టొద్దు. అలా చేస్తే గింజ మొదట తాగేది మంచి నీళ్ళే, ప్రయోగం అక్కడే సగం పోయింది.
4. వదులుగా కవర్ కప్పి, ఎండ తగలని ఒకే బల్ల మీద పెట్టండి. రోజూ ప్లేట్ల స్థానాలు మార్చండి.
5. గుడ్డ ఆరితే అన్ని ప్లేట్లకీ మంచి నీళ్ళే చల్లండి. ఆవిరయ్యేది నీళ్ళు మాత్రమే, ఉప్పు గుడ్డలోనే ఉంటుంది. మళ్ళీ ఉప్పు నీళ్ళు పోస్తే 1.5 కాస్తా రెండు రోజుల్లో 3 అయిపోవచ్చు. ఫ్యాన్ కింద పెట్టిన ప్లేట్లలో ఎక్కువగా జరిగే తేడా ఇదే.
6. రోజూ ఒకే సమయానికి లెక్కించండి. వేరు 2 మి.మీ. బయటికి వస్తేనే మొలక. నాలుగో రోజు వేరు వెంబడి దారం పెట్టి, ఆ దారాన్ని స్కేలు మీద కొలవండి. మొలవని గింజని వేరు సగటులో కలపకూడదు, అది సంఖ్యలో ఎలాగూ కనబడుతుంది.

ప్రయోగం అయ్యాక మొలకలు తినకుండా కంపోస్టులో వేయించండి.

పరిశీలన పట్టిక

కింద ఉన్న అంకెలు పట్టిక చదవడం నేర్పడానికి నేను ఊహించి రాసినవి. మీ తరగతిలో మీ అంకెలే రాయండి.

| నీళ్ళు | మొలకలు (30కి) | ప్లేట్ 1 వేరు సగటు (సెం.మీ.) | ప్లేట్ 2 | ప్లేట్ 3 | మొత్తం సగటు |
|---|---|---|---|---|---|
| ఎ (ఉప్పు లేదు) | 28 | 5.3 | 4.6 | 5.1 | 5.0 |
| బి (1.5 గ్రా.) | 28 | 4.4 | 4.7 | 3.5 | 4.2 |
| సి (3 గ్రా.) | 27 | 3.2 | 2.8 | 3.0 | 3.0 |
| డి (6 గ్రా.) | 22 | 1.6 | 1.3 | 1.6 | 1.5 |
| ఇ (వృథా నీళ్ళు) | 28 | 4.8 | 4.2 | 4.2 | 4.4 |

ఇప్పుడు సగటు ఒక్కటే చూసి "బి లో వేరు తగ్గింది" అని రాయడం తొందర. ఎ లో తక్కువ వచ్చిన ప్లేట్ 4.6, బి లో ఎక్కువ వచ్చిన ప్లేట్ 4.7. రెండూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. మూడు ప్లేట్లు పెట్టింది ఇది చూడడానికే. సి విషయం వేరు, అందులో బాగా వచ్చిన ప్లేట్ కూడా ఎ లో తక్కువ ప్లేట్ కంటే చాలా కింద ఉంది. మొలకలు మాత్రం 28 కి 27. పరికల్పనలోని రెండు మాటలూ ఇక్కడ కనిపిస్తాయి.

ఇ కూడా ఎ తో కలిసిపోయింది. కాబట్టి రాయాల్సిన వాక్యం: "ఈ ఇంటి వృథా నీళ్ళు నాలుగు రోజుల్లో పెసల వేరుని తగ్గించినట్టు మా కొలతల్లో తేలలేదు." "ఆర్.ఓ. నీళ్ళు మొక్కలకి మంచివి" అని రాయకూడదు. పైగా వృథా నీళ్ళలో వంట ఉప్పు ఒక్కటే ఉండదు, కాల్షియం, మెగ్నీషియం లవణాలు కూడా ఉంటాయి. అందుకని "ఇందులో లీటరుకి ఇన్ని గ్రాముల ఉప్పు ఉంది" అని వేరు చూసి చెప్పలేం.

ఫలితం తేడాగా వస్తే

ఎ లోనే మొలకలు 30కి 20 లోపు వస్తే గింజలు పాతవి, మొత్తం మళ్ళీ చేయాలి. నాలుగు రోజులైనా ఉబ్బకుండా రాయిలా ఉన్న గింజలు పెసల్లో అక్కడక్కడా ఉంటాయి. పై పొట్టు నీటిని పీల్చదు. అవి అన్ని ప్లేట్లలో సమానంగా కనబడితే ఉప్పు వల్ల కాదు. జిగురు, కుళ్ళు వాసన వస్తే గుడ్డ సరిగా మరిగించలేదు, లేదా నీళ్ళు గింజ మునిగేంత ఎక్కువయ్యాయి. గింజకి గాలి కూడా కావాలి.

తర్వాత అడగాల్సిన ప్రశ్నలు

1. నాలుగు రోజుల్లో ఏమీ కాని నీళ్ళు నాలుగు నెలల్లో కుండీని పాడు చేయగలవా? లెక్క వేయించండి: లీటరుకి 1.5 గ్రాముల ఉప్పున్న నీళ్ళు రోజుకి లీటరు పోస్తే 30 రోజులకి 45 గ్రాములు. నీళ్ళు ఆవిరవుతాయి, ఉప్పు ఎక్కడికి పోతుంది?
2. అడుగున రంధ్రం ఉన్న డబ్బా, లేని డబ్బా రెండింట్లో మట్టి నింపి బి నీళ్ళే పోస్తే ఏది ముందు వాడుతుంది? మట్టి పైన, కుండీ అంచుల్లో తెల్లటి పొర వస్తుందా?
3. వారానికి ఒకసారి మంచి నీళ్ళు అడుగు నుంచి కారేదాకా పోస్తే తేడా వస్తుందా? వర్షాకాలంలో ఆ పని ఎవరు చేస్తారు?
4. పెసల బదులు చోళ్ళు పెడితే అంకెలు ఇలాగే ఉంటాయా?
5. మన తరగతిలో బోరు ఉన్న ఇళ్ళ "ఇ" కి, కుళాయి ఇళ్ళ "ఇ" కి తేడా ఉందా?

మొదటి మూడు ప్రశ్నల్లోనే మిద్దె తోట వాళ్ళ సందేహానికి సమాధానం ఉంది. నేను మా దగ్గరికి వచ్చేవాళ్ళకి చెప్పేది ఇంతే: కుళాయి నీళ్ళ ఇల్లయితే, కుండీకి రంధ్రం సరిగా ఉంటే, మంచి నీళ్ళతో మార్చి మార్చి పోయండి. బోరు నీళ్ళ ఇల్లయితే ముందు ఒక ప్లేట్‌లో పది పెసలు పెట్టి అడగండి. రెండో ప్రశ్న ప్రయోగానికి నెల పైనే పడుతుంది. మీ స్కూల్లో చేస్తే పట్టిక ఫోటో తీసి వీడియో కింద కామెంట్‌లో పెట్టండి, బోరా కుళాయా అన్నది మాత్రం తప్పకుండా రాయండి.