తాళాలివ్వని బిల్డరుకు ఏమని రాయాలి?

ఫ్లాటు కొన్నవాళ్లంతా కలిసి బిల్డరుకు రాసే ఉత్తరాల్లో ఆవేదన ఎక్కువ, తేదీలు తక్కువ. అద్దె, ఈఎంఐ రెండూ కడుతున్నవాళ్ల కోపంలో తప్పులేదు. అయితే రేపు రెరా ముందు నిలబడేవి తేదీలూ, రసీదులే.

హైదరాబాద్‌లో 1,400 చదరపు అడుగుల ఫ్లాటు ఒకటి అనుకుందాం. అగ్రిమెంటు ప్రకారం 2022 డిసెంబరు 31కి అప్పగించాలి. ఆరు నెలల అదనపు గడువు కలిపితే 2023 జూన్ 30. అప్పటికే కొనుగోలుదారు 60 లక్షలు కట్టేశాడు. 2024 ఆగస్టు చివరికీ తాళాలు రాలేదు. అంటే ఆలస్యం 14 నెలలు. ఉత్తరంలో మొదట ఉండాల్సింది ఈ వరసే: అగ్రిమెంటు తేదీ, గడువు, కట్టిన వాయిదాలు, బిల్డరు చెబుతూ వచ్చిన కొత్త తేదీలు. రెరా సైట్లో బిల్డరు ఇంకా తర్వాతి తేదీ చూపించవచ్చు. పరిహారం లెక్కకు మాత్రం అగ్రిమెంటులోని తేదీనే పట్టుకోవాలి.

తర్వాతది డబ్బు. చాలా అగ్రిమెంట్లలో ఆలస్యానికి నెలకు అడుగుకు ఐదు రూపాయలని రాసి ఉంటుంది. ఆ లెక్కన నెలకు 7,000, మొత్తం 98,000. 2016 నాటి రెరా చట్టం 18వ సెక్షన్ ప్రకారం మాత్రం, ఫ్లాటు వదులుకోని కొనుగోలుదారుకు కట్టిన సొమ్ముపై నెలనెలా వడ్డీ రావాలి. తెలంగాణ నిబంధనల్లో ఆ రేటు స్టేట్ బ్యాంక్ గరిష్ఠ ఎంసీఎల్ఆర్‌కు రెండు శాతం ఎక్కువ. అది 11 శాతం అనుకుంటే నెలకు 55,000; 14 నెలలకు 7.70 లక్షలు. ఫ్లాటే వద్దనుకుంటే కట్టినదంతా వడ్డీతో వెనక్కి అడగొచ్చు. ఏది కోరుతున్నారో ఉత్తరంలో తేల్చి రాయాలి.

"అగ్రిమెంటు మీద సంతకం పెట్టారుగా" అని బిల్డరు అనవచ్చు. బెంగళూరు బేగూరులోని డీఎల్ఎఫ్ ప్రాజెక్టులో 339 మంది కొనుగోలుదారులకు ఎదురైంది ఈ వాదనే. వినియోగదారుల జాతీయ కమిషన్ వాళ్ల ఫిర్యాదును కొట్టేసింది. 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కనపెట్టి, అడుగుకు ఐదు రూపాయలతో పాటు ఏడాదికి ఆరు శాతం వడ్డీ ఇప్పించింది. రిజిస్ట్రేషన్ చేయించుకున్నంత మాత్రాన పరిహారం అడిగే హక్కు పోదనీ చెప్పింది.

ఉత్తరం చివర జవాబుకు 15 రోజులో, 30 రోజులో గడువు పెట్టి, ఫ్లాటు నంబర్లతో అందరూ సంతకాలు చేసి, అక్‌నాలెడ్జ్‌మెంట్‌తో స్పీడ్ పోస్టులో పంపాలి. ఈలోగా ఓసీ రాకుండానే తాళాలిస్తామంటే, "ఇక ఏ క్లెయిమూ లేదు" అన్న కాగితం మీద సంతకం పెట్టకండి.