కాలిన సరుకును కాగితం మీద నిలబెట్టాలి

కొట్టు తగలబడ్డాక బీమా కంపెనీ పంపే సర్వేయరు అన్నిటికంటే ఎక్కువగా పట్టించుకునేది ఒకటే: ఆ రాత్రి లోపల ఎంత సరుకుంది? మంట ఎలా రేగిందో అగ్నిమాపక శాఖ నివేదిక, పోలీసుల పంచనామా చెబుతాయి. సరుకు సంగతి మాత్రం యజమానే రుజువు చేసుకోవాలి. చాలా క్లెయిములు నలిగేది ఇక్కడే.

ఒక చీరల కొట్టును ఉదాహరణగా తీసుకుందాం. దసరా ముందు రాత్రి షార్ట్ సర్క్యూట్‌తో మంట లేచింది. బిల్లు పుస్తకాలు, కంప్యూటరు అన్నీ పోయాయి. అయినా ఆధారాలు పూర్తిగా పోలేదు. కొన్న సరుకు వివరాలు, నెలనెలా చూపిన అమ్మకాలు జీఎస్టీ పోర్టల్‌లో ఉంటాయి. టోకు వ్యాపారులు బిల్లుల నకళ్లు ఇస్తారు. వాళ్లకు చెల్లించిన డబ్బు బ్యాంకు స్టేట్‌మెంటులో కనిపిస్తుంది.

వీటితో సర్వేయరు కట్టే లెక్క ఇలా ఉంటుంది. మార్చి 31 నాటి ఆడిట్ లెక్కల ప్రకారం కొట్లో 18 లక్షల సరుకుంది. ఆ తర్వాత 30 లక్షల సరుకు కొన్నారు. అమ్మకాలు 32 లక్షలు. ఆ వ్యాపారంలో అమ్మకం ధర మీద లాభం నూటికి 25 అని గత రెండు మూడేళ్ల లెక్కలు చెబుతున్నాయి కాబట్టి, అమ్ముడుపోయిన సరుకు కొన్న ధర 24 లక్షలు. అంటే మంట లేచే సమయానికి లోపల ఉండాల్సింది 24 లక్షల సరుకు. గమనించండి, ఇదంతా కొన్న ధర. రావలసిన లాభానికి ఈ పాలసీలో చోటు లేదు.

కాగితం మీద లెక్క కుదిరినా సర్వేయరు కొట్లోకి వెళ్లి చూస్తాడు. మడతపెట్టి బిగుతుగా పేర్చిన చీరలు ఒక్కసారిగా బూడిదైపోవు. అంచులు మాడి నల్లబడతాయి, మధ్యలో మడతలు మిగులుతాయి. దొంతరలు విప్పి వాటిని లెక్కపెట్టవచ్చు. అందుకే సర్వేయరు వచ్చి చూసేదాకా శిథిలాలు ఎత్తిపోయకూడదు. తడిసిన సరుకును వేరు చేసి ఆరబెట్టడం మంచిదే గానీ, ముందు ఫొటోలు తీసి ఉంచుకోవాలి. ఫైరింజను నీళ్లకు తడిసిన సరుకు కూడా అగ్ని నష్టం కిందికే వస్తుంది.

మన కొట్లో 14 లక్షల సరుకు పూర్తిగా కాలింది. 6 లక్షల సరుకు పొగ పట్టి, తడిసి, 2 లక్షలకు మాత్రమే అమ్ముడుపోయేలా ఉంది. వెనక గదిలోని 4 లక్షల సరుకు క్షేమం. మొత్తం నష్టం 18 లక్షలు.

ఇక అసలు దెబ్బ. పాలసీ 16 లక్షలకే ఉంది, బ్యాంకు అప్పు అంతే కాబట్టి. 24 లక్షల సరుకుకు 16 లక్షల బీమా అంటే మూడింట రెండు వంతులు. నష్టంలోనూ అంతే లెక్కగడతారు: 18 లక్షలకు 12 లక్షలు. అందులోంచి పాలసీలో రాసిన ఎక్సెస్ మొత్తం తీసేస్తారు. చిన్న వ్యాపారుల కోసం 2021లో వచ్చిన ‘భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష’ పాలసీలో బీమా 15 శాతం దాకా తక్కువైనా కోత పెట్టరు. ఇక్కడ తక్కువైంది 33 శాతం. ప్రీమియంలో మిగిలిన కొద్ది వేలకు ఆ కుటుంబం 6 లక్షలు పోగొట్టుకుంది. ఏజెంట్లు ఈ నిబంధన ముందే విడమరిచి చెప్పాలని నేను గట్టిగా నమ్ముతాను.

మరో ముడి బ్యాంకు దగ్గర పడుతుంది. అప్పు పరిమితి తగ్గకుండా కొందరు బ్యాంకుకిచ్చే స్టాకు స్టేట్‌మెంటులో సరుకు ఎక్కువ చేసి చూపిస్తారు. సర్వేయరు ఆ కాగితం తెప్పిస్తాడు. అందులో 35 లక్షలు, జీఎస్టీ లెక్కలో 24 లక్షలు కనిపిస్తే, నిజాయితీగా వేసిన క్లెయిము మీదా అనుమానం పడుతుంది. తేడా ఎందుకొచ్చిందో అడగకముందే రాతపూర్వకంగా చెప్పడం మేలు.

సరుకు కాక మిగిలినవి త్వరగా తేలుతాయి. బీరువాలు, ఫర్నిచరుకు వాడిన ఏళ్లను బట్టి తరుగు తీస్తారా, కొత్తవాటి ధర ఇస్తారా అన్నది పాలసీలో ఉంటుంది. షార్ట్ సర్క్యూట్ మొదలైన ఏసీకి మామూలు అగ్ని పాలసీలో డబ్బు రాదు. దాని నుంచి మంట పాకి కాలిన వాటికి వస్తుంది. గల్లాపెట్టెలో నగదు, ఫాల్ కుట్టమని ఖాతాదారులు ఇచ్చిన చీరలు మామూలు అగ్ని పాలసీలో అయితే విడిగా రాయించుకుంటేనే లెక్కలోకి వస్తాయి.

కంపెనీ తేల్చిన మొత్తం మీద అభ్యంతరముంటే, పూర్తి పరిష్కారమైందన్న వోచరు మీద సంతకం పెట్టకముందే సర్వేయరు నివేదిక ప్రతిని అడిగి తీసుకుని, ఏ అంశంలో ఎంత తగ్గించారో చూసుకుని కంపెనీకి రాయాలి. అక్కడ తేలకపోతే చిన్న వ్యాపారులు బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. కంపెనీ తిరస్కరించిన ఏడాదిలోపే ఆ ఫిర్యాదు చేయాలి.