వీపీ గారి క్యాలెండర్‌లో 20 నిమిషాలు

పెద్ద అధికారి అపాయింట్‌మెంట్ కోసం మెయిల్ పంపితే, చాలా కంపెనీల్లో దాన్ని ముందు చదివేది ఆయన అసిస్టెంటే. ఆవిడ ఒకవైపు మెయిల్, మరోవైపు క్యాలెండర్ తెరిచి ఖాళీ వెతుకుతారు. అడిగిందెవరు, పనేమిటి, ఎంతసేపు, ఏ తేదీలోగా అన్నవి తెలియకపోతే వెతకడం మొదలే కాదు. ‘వీలున్నప్పుడు చెప్పండి’ అని రాయడం మనకు మర్యాదగా అనిపిస్తుంది కానీ, దానివల్ల మన పని కూడా ఆవిడ మీదే పడుతుంది.

జీడిమెట్లలో ప్యాకింగ్ డబ్బాలు తయారుచేసే ఒక చిన్న సంస్థ ఉందనుకుందాం. డాలస్‌లోని కొనుగోలుదారు కంపెనీ వైస్ ప్రెసిడెంట్‌తో కొత్త ధర గురించి మాట్లాడాలి. మెయిల్ సబ్జెక్టులో ‘20 నిమిషాల కాల్, ధర ఒప్పందం, నవంబర్ 6లోగా’ అని ఉంటే చాలు. లోపల ఇలా రాయవచ్చు:

“నమస్కారం మేడమ్. మా డబ్బాల ఒప్పందం నవంబర్ 10న ముగుస్తోంది. కొత్త ధరకు సార్ ఆమోదం కోసం 20 నిమిషాల వీడియో కాల్ కావాలి. మా వైపు నుంచి మా డైరెక్టర్, నేను ఉంటాం. డాలస్ సమయం ప్రకారం 4వ తేదీ బుధవారం, 5వ తేదీ గురువారం ఉదయం 8:30 నుంచి 10 వరకు, 6వ తేదీ శుక్రవారం 7:30 నుంచి 9 వరకు మాకు వీలు. ఇవి కుదరకపోతే మీరు చెప్పిన సమయానికి సర్దుకుంటాం. ధరల పట్టిక జతచేశాను.”

ఇందులో ‘ఆమోదం కోసం’ అన్న మాట చాలా కీలకం. ఊరికే పరిచయానికైతే వచ్చే నెలకు నెట్టవచ్చు, గడువున్న నిర్ణయాన్ని అలా నెట్టలేరు. నిడివి విషయంలో నిజమే చెప్పాలి. 20 అని చెప్పి 45 నిమిషాలు లాగితే ఆయన తర్వాతి మీటింగులన్నీ ఆలస్యమవుతాయి, వాటిని సర్దాల్సింది ఆ అసిస్టెంటే. మరోసారి అడిగినప్పుడు ఆవిడకు అది గుర్తుంటుంది. సమయాన్ని ‘8:30కి’ అని ఒకే చోట బిగించకుండా గంటన్నర వెడల్పు ఇచ్చాం కాబట్టి, ఆ 20 నిమిషాలను ఎక్కడైనా ఇరికించగలరు.

పొరపాట్లు ఎక్కువగా జరిగేది గడియారం దగ్గరే. అమెరికాలో నవంబర్ మొదటి ఆదివారం గడియారాన్ని గంట వెనక్కి తిప్పుతారు. 2026లో అది 1వ తేదీ. అక్టోబర్‌లో డాలస్ ఉదయం 8:30 అంటే మనకు రాత్రి 7. నవంబర్ 4న అదే 8:30కి మనకు 8 అవుతుంది. అందుకే ఎవరి సమయమో ఊరి పేరుతో సహా రాయాలి.

పంపాక ఆ మూడు సమయాల్లో వేరే పని పెట్టుకోకూడదు. ఏదైనా చేజారితే అదే మెయిల్ కింద వెంటనే చెప్పాలి. రెండు పనిదినాల్లో జవాబు రాకపోతే, ఇంకా మిగిలిన సమయాలేవో అక్కడే ఒక్క వాక్యంలో రాస్తే సరిపోతుంది.