ఏ సాఫ్ట్‌వేర్ ఉండాలి, ఏది పోవాలి?

ఒక సిమెంట్ ఫ్యాక్టరీని ఊహించుకుందాం. ఈఆర్‌పీ వచ్చాక కూడా అక్కడ వేబ్రిడ్జి, స్టోర్స్, పాత బిల్లింగ్ ప్రోగ్రాములు విడిగా నడుస్తున్నాయి. ముందు అడగాల్సినవి రెండు: ఈ పని ఈఆర్‌పీ చేయగలదా? దీని మీద ఇంకెవరు ఆధారపడ్డారు?

లారీ బరువును కాటా నుంచి నేరుగా అందుకునే వేబ్రిడ్జి ప్రోగ్రామును ఉంచి, ఈఆర్‌పీకి అనుసంధానిస్తే సరి. స్టోర్స్ సరుకు రెండుచోట్ల ఎక్కుతోంది. నెలాఖరుకు రెండు లెక్కలకూ పొంతన కుదరదు. దాన్ని ఈఆర్‌పీలో కలిపేయాలి.

పాత బిల్లింగ్‌ను ఎవరూ వాడట్లేదనిపిస్తుంది. తొందరపడి ఆపేస్తే, మూడు నెలలకోసారి అందులోంచి రిపోర్టు తీసే అకౌంటెంటు అప్పుడు బయటపడతారు. అందుకే ఒక త్రైమాసికం పాటు లాగిన్‌లు గమనించాలి. జీఎస్టీ లెక్కలను వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు భద్రపరచాలి కనుక, డేటాను చదవగలిగే రూపంలో దాచాకే సర్వర్ ఆపాలి.